దూరపు కంప్యూటరుకు రెండు దారులు: వీఎన్‌సీ, ఆర్‌డీపీ

తెనాలిలో నాన్నగారి కంప్యూటరు నుంచి ప్రింటు రావడం లేదు. డాలస్‌లో ఉన్న కూతురు అక్కడి నుంచే చూసి సరిచేయాలి. విజయవాడలో ఒక ఆడిటరు ఆఫీసులో పనిచేసే అకౌంటెంటు రాత్రి భోజనమయ్యాక ఇంట్లో కూర్చుని, ఆఫీసు కంప్యూటర్లోని ట్యాలీ తెరిచి, మర్నాటి జీఎస్టీ రిటర్ను పూర్తిచేయాలి. వినడానికి ఇద్దరి అవసరమూ ఒకటే. ఎక్కడో ఉన్న కంప్యూటరు తమ ముందున్నట్టు పనిచేయాలి. కాస్త ఆలోచిస్తే మాత్రం తేడా తెలుస్తుంది. కూతురికి కావలసింది నాన్న చూస్తున్న తెరే తనకూ కనబడటం. అకౌంటెంటుకు కావలసింది ఆఫీసులో ఎవరికీ కనబడకుండా తన పని తాను చేసుకోవడం. మొదటి అవసరానికి తగ్గట్టు పుట్టింది వీఎన్‌సీ, రెండోదానికి ఆర్‌డీపీ. వేగంలో, భద్రతలో, వాడకంలో ఈ రెండింటికీ మధ్య కనిపించే తేడాలు చాలావరకు ఆ పుట్టుకలోనే ఉన్నాయి.

ఒకే ఏడాది, రెండు ఆలోచనలు

ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఒలివెట్టి కంపెనీకి ఒక పరిశోధనశాల ఉండేది. ఏ గదిలో కూర్చున్నా, ఏ యంత్రం ముందున్నా మన తెర మన వెంట రావాలన్నది అక్కడివాళ్ల ఆలోచన. అందులోంచి వచ్చిన వీఎన్‌సీని 1998లో సోర్స్ కోడ్‌తో సహా అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. తర్వాత ఆ పరిశోధనశాల ఏటీ అండ్ టీ చేతికి వెళ్లి 2002లో మూతపడింది. దాన్ని తయారుచేసినవాళ్లే అదే ఏడాది రియల్‌వీఎన్‌సీ కంపెనీ పెట్టుకున్నారు. టైట్‌వీఎన్‌సీ, టైగర్‌వీఎన్‌సీ, అల్ట్రావీఎన్‌సీ లాంటివన్నీ ఆ తొలి కోడ్ సంతానమే. కంప్యూటర్లు మాట్లాడుకునే ఆ భాష నియమాలు 2011లో RFC 6143 అనే పత్రంగా వెలువడ్డాయి. అది చదివి ఎవరైనా కొత్త వీఎన్‌సీ రాసుకోవచ్చు.

ఆర్‌డీపీ కూడా 1998లోనే జనంలోకి వచ్చింది. ఆ ఏడాది మైక్రోసాఫ్ట్ విండోస్ ఎన్‌టీ 4.0లో టెర్మినల్ సర్వర్ అనే ప్రత్యేక కూర్పును విడుదల చేసింది. ఒక పెద్ద సర్వర్ మీద చాలామంది ఒకేసారి, ఎవరి డెస్క్‌టాప్ వాళ్లు తెరుచుకుని పనిచేయాలన్నది దాని లక్ష్యం. అంతవరకు విండోస్‌కు ఒక్క మనిషినే చూడటం అలవాటు. పలువురిని ఒకేసారి సంభాళించే పద్ధతిని మైక్రోసాఫ్ట్ సిట్రిక్స్ కంపెనీ నుంచి లైసెన్సు తీసుకుంది.

వీఎన్‌సీ సారాంశం చాలా చిన్నది. సర్వర్ చెప్పేది ఒకే మాట: తెర మీద ఫలానా చోట, ఫలానా కొలతల దీర్ఘచతురస్రంలో ఈ రంగుల చుక్కలు పెట్టు. మన వైపు నుంచి వెళ్లేవి కీబోర్డు మీద నొక్కిన మీటలు, మౌస్ కదలికలు. ఆ తెరలో ఉన్నది ట్యాలీయా, సినిమాయా, వట్టి నల్ల తెరా అన్నది వీఎన్‌సీకి పట్టదు. అందుకే అది ఎక్కడైనా ఇముడుతుంది. విండోస్, మ్యాక్, లినక్స్, అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై, అన్నింటిమీదా నడుస్తుంది.

ఆర్‌డీపీ అలా బయట నిలబడి తెరను చూసేది కాదు. అది విండోస్ లోపలి భాగం. ముందు మీరెవరో అడుగుతుంది, తర్వాత మీ పేరు మీద ఒక సెషన్ తెరుస్తుంది. మీ తెర ఎంత పెద్దదో, మీ దగ్గర ఏ ప్రింటరుందో, శబ్దం ఎక్కడ వినిపించాలో మాట్లాడుకున్నాకే పని మొదలవుతుంది.

వేగం ఎక్కడ పోతుంది

ఈరోజు మామూలు మానిటరు తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. మొత్తం దాదాపు 20.7 లక్షలు. ఒక్కో చుక్క రంగు చెప్పడానికి 4 బైట్లు పడితే, తెర మొత్తాన్ని ఒక్కసారి పంపడానికి దాదాపు 83 లక్షల బైట్లు కావాలి. ఆఫీసు ఇంటర్నెట్‌కు బయటికి పంపే వేగం సెకనుకు 20 మెగాబిట్లు అనుకుందాం. ఏ కుదింపూ లేకుండా ఆ ఒక్క బొమ్మ చేరడానికే 3 సెకన్లు దాటుతుంది. ఇక్కడ లెక్కలోకి వచ్చేది మన ఇంటి డౌన్‌లోడ్ వేగం కాదు, అవతలి చోటు అప్‌లోడ్ వేగం. ఇంట్లో ఎంత వేగమైన కనెక్షనున్నా ఆఫీసు తెర ఈడ్చుకుంటూ వస్తోందంటే మొదట చూడాల్సింది అక్కడే.

కాబట్టి వీఎన్‌సీ ప్రతిసారీ తెరంతా పంపదు, మారిన ముక్కల్నే పంపుతుంది. ఒక విండోను పక్కకు జరిపితే, ఆ బొమ్మ ఇప్పటికే మన దగ్గర ఉంది కనుక, ఫలానా చోట ఉన్నదాన్ని ఫలానా చోటికి మార్చుకో అని మాత్రం చెబుతుంది. లక్షల బైట్ల పని 16 బైట్లతో తీరిపోతుంది. మిగిలిన ముక్కల్ని కుదించి పంపుతుంది. తెల్లటి కాగితం మీద నల్లటి అక్షరాలు బాగా కుదుస్తాయి. ఫొటోలు, వీడియోలు అంతగా కుదించుకోవు. అప్పుడు కొన్ని వీఎన్‌సీలు నాణ్యత తగ్గించి పంపుతాయి, తెర మసకబారుతుంది.

వీఎన్‌సీకి ఇంకో ఇబ్బంది దాని మర్యాదలోనే ఉంది. మూల నియమాల ప్రకారం సర్వర్ తనంతట తాను ఏదీ పంపదు. మన వైపు ప్రోగ్రాం "ఏమైనా మారిందా?" అని అడగాలి, అప్పుడే జవాబు వస్తుంది. పక్క గదిలోని కంప్యూటరుతో అయితే ఈ అడగడం, చెప్పడం కంటికి తెలియనంత త్వరగా సాగుతాయి. డాలస్ నుంచి తెనాలికి మాట వెళ్లి తిరిగి రావడానికి పావు సెకను పట్టిందనుకోండి. ఒక జవాబు అందాక మళ్లీ అడిగే ప్రోగ్రాం అయితే, తీగల సామర్థ్యం ఎంతున్నా తెర సెకనుకు నాలుగుసార్లకు మించి మారదు. టైగర్‌వీఎన్‌సీ లాంటివి అడగకుండానే వరసగా పంపే అదనపు సదుపాయం చేర్చుకున్నాయి. కాని అది రెండు వైపుల ప్రోగ్రాములకూ తెలిసుంటేనే పనిచేస్తుంది.

మొదట్లో ఆర్‌డీపీ వేరే కిటుకు వాడింది. అది విండోస్ లోపలే ఉంటుంది కాబట్టి తెర మీద ఏం గీయబోతున్నారో గీయకముందే దానికి తెలుసు. ఫలానా చోట గీత, ఫలానా చోట ఈ అక్షరం అని ఆదేశాలే పంపేది. వేసిన ముగ్గును ఫొటో తీసి పంపడానికీ, ఏడు చుక్కలు ఏడు వరసలు పెట్టి ఇలా కలుపు అని ఫోనులో చెప్పడానికీ ఉన్న తేడా లాంటిది అది. ఒకసారి పంపిన అక్షరాల రూపాల్నీ చిన్న బొమ్మల్నీ మన కంప్యూటరులోనే దాచి, మళ్లీ అవసరమైతే "దాచినదాంట్లో పన్నెండోది" అని గుర్తుచేసేది. టెలిఫోన్ తీగల మీద మోడెంతో ఇంటర్నెట్ వాడిన రోజుల్లో కూడా అది నడిచిందంటే కారణం ఇదే.

ఇప్పటి ప్రోగ్రాములు తమ తెరను గ్రాఫిక్స్ కార్డుతో గీయించుకుంటున్నాయి. గీత, అక్షరం అంటూ విడదీసి చెప్పడానికి వీల్లేకుండా పోయింది. అందువల్ల నేటి ఆర్‌డీపీ కూడా చాలావరకు బొమ్మలే పంపుతుంది. అయితే అక్షరాలున్న భాగాన్ని ఒకలా, కదిలే వీడియోను ఇంకోలా కుదించగలదు. వీడియోలకు వాడే హెచ్.264 పద్ధతినీ ఉపయోగించుకోగలదు. మనం అడిగేదాకా ఆగదు, మారిన కొద్దీ పంపుతుంది. 2012లో వచ్చిన విండోస్ 8 కాలం నుంచి టీసీపీతో పాటు యూడీపీ దారిలోనూ ప్రయాణిస్తోంది. దారిలో ఒక పొట్లం తప్పిపోతే వెనకవన్నీ దానికోసం నిలబడిపోకుండా ఇది కాపాడుతుంది. మొబైల్ డేటా మీద, తడబడే వైఫై మీద తేడా కొట్టొచ్చినట్టు కనబడేది ఇక్కడే.

ఒకే ఆఫీసు నెట్‌వర్కులో, మంచి వీఎన్‌సీ ప్రోగ్రాంతో లెక్కల పని చేసుకునేవారికి ఈ తేడా పెద్దగా తెలియకపోవచ్చు. ఊరు దాటాకే తెలుస్తుంది. నెమ్మదికి కారణం ఏదో కూడా తెర చూసి చెప్పవచ్చు. అక్షరం నొక్కిన ప్రతిసారీ ఒకేలా ఆలస్యంగా పడుతుంటే అది దూరం వల్ల వచ్చే జాప్యం. ఏ ప్రోటోకాల్ మార్చినా అది పూర్తిగా పోదు. టైపింగ్ బాగానే ఉండి, పేజీ జరిపినప్పుడు తెర గళ్లుగళ్లుగా వచ్చి తర్వాత సర్దుకుంటుంటే అది తీగ సామర్థ్యం చాలక వచ్చింది. అప్పుడు రంగుల సంఖ్య తగ్గించడం, డెస్క్‌టాప్ మీది వాల్‌పేపర్ తీసేయడం నిజంగా పనిచేస్తాయి.

ఎవరి తెర ఎవరికి కనబడుతుంది

విండోస్ 11 ప్రో ఉన్న ఆఫీసు కంప్యూటరులోకి అకౌంటెంటు ఇంటి నుంచి ఆర్‌డీపీతో వెళ్తే, ఆఫీసులోని మానిటరు మీద లాక్ తెర పడుతుంది. అటుగా వెళ్లేవాళ్లకు ఏమీ కనబడదు. అదే వీఎన్‌సీతో వెళ్తే, ఇంట్లో తాను చేస్తున్న ప్రతి పనీ ఆఫీసు మానిటరు మీద సినిమాలా ఆడుతుంది. జీతాల పట్టీ తెరిచినా, పార్టీ ఖాతా తెరిచినా రాత్రి కాపలాదారు చూడవచ్చు. ఆ తెరను నల్లగా మార్చే సదుపాయం కొన్ని వీఎన్‌సీల్లో ఉంది. వెతికి ఆన్ చేసుకోవాల్సి ఉంటుంది.

డాలస్ కూతురికి సరిగ్గా ఆ గుణమే కావాలి. తాను మౌస్ కదిపితే నాన్న చూడాలి, నాన్న నొక్కింది తనకు కనబడాలి. మామూలు ఆర్‌డీపీతో లోపలికి వెళ్తే నాన్న ముందు లాక్ తెరే మిగులుతుంది. పైగా ఇంట్లో కొన్న ల్యాప్‌టాపుల్లో ఉండేది తరచుగా విండోస్ హోమ్. అందులోంచి ఆర్‌డీపీతో బయటికి వెళ్లవచ్చు కాని, ఇతరులు అందులోకి రాలేరు. తెర పంచుకోవడం ఆర్‌డీపీకి బొత్తిగా చేతకాదని కాదు. విండోస్‌తో పాటు వచ్చే క్విక్ అసిస్ట్ ఆ పనికే ఉంది, లోపల నడిచేది ఆర్‌డీపీయే. అవతలివాళ్లు చెప్పిన కోడ్ టైపు చేసి, అనుమతి నొక్కితేనే అది మొదలవుతుంది. నాన్నగారి ప్రింటరు లాంటి అప్పుడప్పుడూ వచ్చే పనికి అది చాలు.

లినక్స్‌లో వీఎన్‌సీకి మరో రూపం ఉంది. మానిటరు మీద కనబడే తెరతో సంబంధం లేకుండా విడిగా ఒక కనబడని డెస్క్‌టాప్‌ను సృష్టించి, దాన్ని పంపగలదు. మానిటరే లేని సర్వర్ల మీద దీన్ని వాడతారు. వర్చువల్ మెషీన్ల లోకంలో వీఎన్‌సీకి పోటీ తక్కువ. క్యూఈఎంయూ లాంటి ప్రోగ్రాములు వర్చువల్ మెషీన్ తెరనే నేరుగా వీఎన్‌సీగా ఇస్తాయి. లోపల విండోస్ లేచినా లేవకపోయినా, బూట్ దశలోనే ఆగిపోయి ఎర్రర్ చూపిస్తున్నా ఆ తెర మనకు కనబడుతుంది. మెషీన్ లోపలి విండోస్‌లో నడిచే ఆర్‌డీపీకి ఆ అవకాశం లేదు. లోపలి ఆపరేటింగ్ సిస్టం లేచి నిలబడ్డాకే అది పలుకుతుంది. అలాగని లినక్స్ అంతా వీఎన్‌సీదే అనుకోవద్దు. ఎక్స్‌ఆర్‌డీపీ అనే ఉచిత సర్వర్ చాలాకాలంగా ఉంది. గ్నోమ్ డెస్క్‌టాప్ కూడా 2022లో వచ్చిన 42వ కూర్పు నుంచి దూరపు వాడకానికి ఆర్‌డీపీనే ముందుపెట్టింది.

తెలుగులో పనిచేసేవారికి తగిలే చిక్కు ఒకటుంది. వీఎన్‌సీ మూల నియమాల్లో క్లిప్‌బోర్డు మోసేది పశ్చిమ ఐరోపా భాషల అక్షరాల్నే. ఇక్కడ కాపీ చేసిన తెలుగు వాక్యాన్ని అక్కడ అతికిస్తే ప్రశ్నార్థకాలు పడవచ్చు, ఏమీ పడకపోవచ్చు. టైగర్‌వీఎన్‌సీ లాంటి కొత్త కూర్పులు దీన్ని సరిచేసే పొడిగింపును చేర్చాయి. ఇదీ రెండు వైపులా ఉండాలి. ఆర్‌డీపీలో తెలుగు అక్షరాలు మామూలుగానే దాటుతాయి, ఫైళ్లు కూడా కాపీ చేసి అతికించవచ్చు. ఆఫీసు ట్యాలీలో తయారైన ఇన్‌వాయిస్‌ను ఇంట్లోని ప్రింటరు మీద తీసుకోవడం, అక్కడి శబ్దం ఇక్కడ వినడం దానికి పుట్టు విద్యలు. వీఎన్‌సీ మూల నియమాల్లో ప్రింటింగూ లేదు, శబ్దమూ లేదు. కొన్ని కంపెనీలు తమ ప్రోగ్రాముల్లో విడిగా కలుపుకున్నాయంతే.

వీఎన్‌సీ తాళం

పాత వీఎన్‌సీ తాళం ఎలా పనిచేస్తుందో తెలిస్తే దాన్ని నేరుగా ఇంటర్నెట్‌లో ఎందుకు పెట్టకూడదో అర్థమవుతుంది. లోపలికి రావాలనుకునేవారికి సర్వర్ 16 బైట్ల అడ్డదిడ్డపు సంఖ్య ఒకటి ఇస్తుంది. దాన్ని పాస్‌వర్డే తాళంచెవిగా డీఈఎస్ పద్ధతిలో మార్చి తిరిగి పంపాలి. పాస్‌వర్డు తీగ మీద ప్రయాణించదు, అంతవరకు బాగుంది. కాని డీఈఎస్ 1970ల నాటి పద్ధతి. ఈ తాళంలో పాస్‌వర్డులోని మొదటి 8 అక్షరాలే లెక్కలోకి వస్తాయి. ఎవరైనా `Godavari2024` అని పెట్టుకుంటే, `Godavari` అని కొట్టినా తలుపు తెరుచుకుంటుంది. చివర చేర్చిన అంకెలు అలంకారమే. దారిలో ఎవరైనా ఆ సంఖ్యనూ, దాని జవాబునూ పట్టుకుంటే తీరిగ్గా తమ కంప్యూటరులో పాస్‌వర్డులు ఒక్కొక్కటే వేసి చూసుకోవచ్చు. సర్వర్‌కు ఆ సంగతి తెలియను కూడా తెలియదు.

అంతకన్నా పెద్ద లోటు తలుపు తెరుచుకున్నాక మొదలవుతుంది. మూల నియమాల ప్రకారం ఆ తర్వాత వెళ్లే బొమ్మలకూ, నొక్కే మీటలకూ ఏ ముసుగూ లేదు. బ్యాంకు పాస్‌వర్డు కొడితే అందులోని ప్రతి అక్షరమూ దారిలో కాచుకున్నవారికి చదవదగ్గ రూపంలోనే వెళ్తుంది. టైగర్‌వీఎన్‌సీలో టీఎల్‌ఎస్ ముసుగు ఉంది, రియల్‌వీఎన్‌సీ తన సొంత ఎన్‌క్రిప్షన్ ఇస్తుంది. టైట్‌వీఎన్‌సీ మాత్రం తెరను అలాగే పంపుతుంది. వీఎన్‌సీ అన్న పేరు చూసి భద్రత సంగతి చెప్పలేం, ఏ ప్రోగ్రామో, అందులో ఏ పద్ధతి ఎంచుకున్నారో చూడాలి.

ముసుగు లేని వీఎన్‌సీని ఎస్‌ఎస్‌హెచ్ సొరంగంలో నడిపించడం లినక్స్ వాడేవారి పాత అలవాటు. ముందు వీఎన్‌సీ సర్వర్‌ను తన కంప్యూటరులోంచి వచ్చే కనెక్షన్లకే జవాబిచ్చేలా అమర్చాలి. తర్వాత మన వైపు నుంచి ఇలా సొరంగం తెరవాలి:

```
ssh -L 5901:localhost:5901 user@192.168.1.20
```

ఇక వీఎన్‌సీ ప్రోగ్రాంలో `localhost:5901` అని ఇస్తే చాలు. బయటివారికి కనబడేది ఎస్‌ఎస్‌హెచ్ ఒక్కటే, లోపల ఏం వెళ్తోందో కనబడదు.

ఆర్‌డీపీ తాళం

ఆర్‌డీపీ తాళం ఇంతకన్నా గట్టిది. ఇప్పటి విండోస్‌లో కనెక్షన్ టీఎల్‌ఎస్ ముసుగులో నడుస్తుంది. ఎన్‌ఎల్‌ఏ అనే ఏర్పాటు ఉంటే, లాగిన్ తెర చూపించడానికి ముందే మీరెవరో రుజువు చేసుకోవాలి. ప్రతి మనిషికీ విడి ఖాతా, విడి అనుమతులు ఉంటాయి. ఎవరు ఎప్పుడు వచ్చారో విండోస్ రాసిపెట్టుకుంటుంది. ఒకే పాస్‌వర్డును ఆఫీసంతా పంచుకునే పాత వీఎన్‌సీలో ఆ లెక్క దొరకదు.

అయితే దొంగకు ఆర్‌డీపీ మీదే మోజు ఎక్కువ. అది విండోస్ కంప్యూటర్లన్నింటికీ తెలిసిన తలుపు. పాస్‌వర్డు దొరికిందంటే చేతికి చిక్కేది పూర్తి విండోస్ సెషన్. యాంటీవైరస్ ఆపవచ్చు, ఫైళ్లకు తాళాలు వేసి డబ్బు అడగవచ్చు. రాన్సమ్‌వేర్ ముఠాలు ఏళ్లుగా లోపలికి వస్తున్న దారుల్లో ఇదొకటి. చాలాసార్లు వాళ్లకు ప్రోటోకాల్‌లో లోపం వెతకాల్సిన అవసరం కూడా రాదు, బలహీనమైన పాస్‌వర్డు చాలు.

తాళం ఎంత గట్టిదైనా, దాన్ని బిగించిన చెక్క పుచ్చిపోతే లాభం లేదని రెండింటి చరిత్రా చెబుతుంది. 2006లో రియల్‌వీఎన్‌సీ 4.1.1లో ఒక లోపం బయటపడింది. ఏయే పద్ధతుల్లో గుర్తింపు చూపవచ్చో సర్వర్ జాబితా ఇస్తుంది, వచ్చినవారు ఒకటి ఎంచుకుంటారు. ఎంచుకున్నది జాబితాలో ఉందో లేదో సర్వర్ సరిచూసుకోలేదు. "పాస్‌వర్డు అక్కర్లేని పద్ధతి" అని వచ్చినవారే చెబితే లోపలికి రానిచ్చేసింది. 2019 మే నెలలో ఆర్‌డీపీ వంతు వచ్చింది. బ్లూకీప్ అని పేరుపడ్డ ఆ లోపంతో, విండోస్ 7, దాని కన్నా పాత విండోస్ యంత్రాల్లోకి ఏ పాస్‌వర్డూ లేకుండానే చొరబడే వీలుంది. ఒక యంత్రం నుంచి ఇంకోదానికి దానంతటదే పాకగల రకం అది. మైక్రోసాఫ్ట్ ఎప్పుడో వదిలేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా దిద్దుబాటు విడుదల చేసిందంటే తీవ్రత ఊహించుకోవచ్చు. ఎన్‌ఎల్‌ఏ ఉన్న చోట మాత్రం, సరైన ఖాతా లేనివారు ఆ లోపం దాకా చేరలేకపోయారు.

రెండు ఉదంతాలూ చెప్పేది ఒకటే. తలుపు వీధిలోకి ఉంటే, తాళంలో లోపం బయటపడిన రోజే ఇల్లు దొంగలకు తెరిచినట్టు. కాబట్టి వీఎన్‌సీ 5900 పోర్టు కాని, ఆర్‌డీపీ 3389 పోర్టు కాని నేరుగా ఇంటర్నెట్‌కు కనబడకూడదు.

ఒక ఆఫీసులో అమర్చి చూద్దాం

ఆ ఆడిటరు ఆఫీసు దగ్గరికే వద్దాం. ట్యాలీ ఉన్నది విండోస్ 11 ప్రో కంప్యూటరులో. ఇంటి నుంచి ఒకరే పనిచేయాలి, తెర ఎవరికీ కనబడకూడదు, ప్రింటు ఇంట్లో రావాలి. కాబట్టి ఆర్‌డీపీయే తగినది. ఇద్దరు ముగ్గురు ఒకేసారి పనిచేయాలంటే ప్రో సరిపోదు. ఒకరు ఇంటి నుంచి వస్తే, ముందున్నవారి సెషన్ వెనక్కి తప్పుకోవాలి. దానికి విండోస్ సర్వర్, తగిన లైసెన్సులు కావాలి.

తొందరలో చాలామంది చేసే పని, రూటరులో 3389 పోర్టును ఈ కంప్యూటరుకు మళ్లించడం. అయిదు నిమిషాల్లో పనైపోతుంది, ఇంటి నుంచి తెరుచుకుంటుంది. కాని ఇంటర్నెట్ అంతా తిరుగుతూ తలుపులు తట్టిచూసే ప్రోగ్రాములు ఎప్పుడూ పనిలోనే ఉంటాయి. అలాంటిదేమైనా మొదలైతే విండోస్ ఈవెంట్ వ్యూయరులో, సెక్యూరిటీ లాగ్‌లో కనబడుతుంది. విఫలమైన లాగిన్ ప్రతిదీ 4625 అనే అంకెతో నమోదవుతుంది. `Administrator`, `admin`, `test` లాంటి పేర్లతో నిమిషానికి పదుల చొప్పున 4625లు పడుతున్నాయంటే ఎవరో పాస్‌వర్డులు వరసగా వేసి చూస్తున్నారని అర్థం. పోర్టు సంఖ్య మార్చితే ఈ గోల కొంత తగ్గుతుంది. కాని మార్చిన పోర్టునూ వెతికి పట్టుకోగలరు కనుక దాన్ని రక్షణగా లెక్కవేయకూడదు.

సరైన దారి మధ్యలో వీపీఎన్ పెట్టడం. వైర్‌గార్డ్ అనే ఉచిత వీపీఎన్‌ను రూటరులో కాని, ఆఫీసులోని ఒక కంప్యూటరులో కాని అమర్చవచ్చు. సరైన తాళంచెవి లేనివారు ఎంత తట్టినా అది పలకదు. అందువల్ల అక్కడొక తలుపుందని కూడా వాళ్లకు తెలియదు. మన దగ్గర చాలా ఇళ్ల, చిన్న ఆఫీసుల కనెక్షన్లకు సొంత పబ్లిక్ ఐపీ అడ్రసు ఉండదు, ఒకే అడ్రసును చాలామంది పంచుకుంటారు. అలాంటప్పుడు బయటి నుంచి వీపీఎన్ చేరలేదు. ఇంటర్నెట్ కంపెనీ నుంచి స్టాటిక్ ఐపీ తీసుకోవాలి, లేదా మధ్యలో కలిపిపెట్టే టెయిల్‌స్కేల్ లాంటి సేవ వాడుకోవాలి.

వీపీఎన్ నడిచాక మిగతా పనులు చిన్నవే. విండోస్ ఫైర్‌వాల్‌లో ఆర్‌డీపీ నియమం తెరిచి, వీపీఎన్ అడ్రసుల నుంచి వచ్చేవాటినే అనుమతించాలి. అకౌంటెంటుకు అడ్మినిస్ట్రేటరు హక్కుల్లేని మామూలు ఖాతా తెరిచి, రిమోట్ డెస్క్‌టాప్ యూజర్ల జాబితాలో ఆ ఒక్కరినే చేర్చాలి. ఎన్‌ఎల్‌ఏ ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి. ఇంటి కంప్యూటరు నుంచి కనెక్ట్ అయ్యేటప్పుడు ప్రింటరును పంచుకుంటే చాలు, డ్రైవులు అక్కర్లేదు. డ్రైవులు పంచుకుంటే ఆఫీసు కంప్యూటరులోకి దూరిన వైరస్‌కు ఇంటి ఫైళ్లు కూడా అందుతాయి. ఇదే కారణంగా, ఎవరో ఈమెయిల్లో పంపిన `.rdp` ఫైలును తెరవకూడదు. దాన్ని తెరిస్తే మీ కంప్యూటరు వెళ్లి వాళ్ల సర్వర్‌కు కనెక్ట్ అవుతుంది, మీ డ్రైవుల్ని కూడా పంచిపెట్టవచ్చు. 2024 అక్టోబరులో ఇలాంటి ఈమెయిళ్ల దాడి గురించి మైక్రోసాఫ్ట్ హెచ్చరించింది.

చివరిగా పరీక్ష. ఆఫీసు కంప్యూటరులోనే కూర్చుని పోర్టులు చూసుకుంటే సగం నిజమే తెలుస్తుంది. ఆర్‌డీపీ అక్కడ వింటూనే ఉంటుంది, బయటివారికి అందుతోందా లేదా అన్నదే ప్రశ్న. అందుకని ల్యాప్‌టాపును ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి, వీపీఎన్ ఆపి, పవర్‌షెల్‌లో ఆఫీసు పబ్లిక్ ఐపీ అడ్రసుతో ఇలా కొట్టాలి. కింద ఇచ్చిన అడ్రసు ఉదాహరణకే:

```
Test-NetConnection 203.0.113.10 -Port 3389
```

చివరి వరసలో `TcpTestSucceeded : False` అని రావాలి. వీపీఎన్ ఆన్ చేసి, ఆఫీసు కంప్యూటరు లోపలి అడ్రసుతో అదే ఆదేశం ఇస్తే `True` రావాలి. వీఎన్‌సీ వాడే చోట 3389 బదులు 5900తో ఇదే పరీక్ష చేయాలి. మొదటిసారే `True` వచ్చిందంటే రూటరులో పాత మళ్లింపు ఏదో మిగిలిపోయిందన్నమాట. దాన్ని తీసేసి, మళ్లీ పరీక్షించి, `False` చూశాకే ఆ టెక్నీషియన్‌కు డబ్బు ఇవ్వడం మంచిది.